నోటీసు చదివిన ఆడపిల్ల గడప దాటాలి

(సంఘం యువజన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణగిరి చుట్టుపక్కల తండాల ఆడపిల్లలకు ఆత్మరక్షణ తరగతులు పెడదామని మీరంతా అనుకున్నారు. ఏం నేర్పాలి, ఎట్లా నేర్పాలి అనేది నేర్పేవాళ్లు చూసుకుంటాం. ఈరోజు నేను మాట్లాడేది దానికంటే ముందు జరిగే పని గురించి. మనుషుల్ని ఎట్లా పిలవాలి? గోడకు అంటించే నోటీసు, వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజీ, ఇంటింటికీ తిరిగి చెప్పే నాలుగు మాటలు, ఇవన్నీ చేసేది మీరే. తరగతి బాగుండి పిలుపు బాగాలేకపోతే ఖాళీ ఆవరణలో నేనొక్కదాన్నే నిలబడాల్సి వస్తుంది.

ఇట్లాంటి తరగతులకు మామూలుగా వేసే పోస్టరు మీరందరూ చూసే ఉంటారు. నల్లటి రంగు. ముఖం చేతుల్లో దాచుకుని మూలన కూర్చున్న అమ్మాయి. ఆమె మీద పడుతున్న పెద్ద చెయ్యి నీడ. పైన ఎర్రటి అక్షరాల్లో "ఆడపిల్లకు ఎక్కడుంది రక్షణ? రేపు మీ ఇంటి బిడ్డ కావొచ్చు!" అని. ఆ కింద సన్నటి అక్షరాల్లో తరగతి ఎప్పుడో, ఎక్కడో. కొన్నిసార్లు అది కూడా ఉండదు, ఫోన్ నంబరు ఒక్కటే ఉంటుంది.

ఆ పోస్టరు మన తండాలో ఎవరి కంట పడుతుంది? ముందుగా పడేది నాయన కంట. రోజూ ఆటో ఎక్కి కాలేజీకి పోయే కూతురున్న నాయన. అది చదివి ఆయన ఏం చేస్తాడు? కూతుర్ని తరగతికి పంపిస్తాడా? ఆయనకు అందులో అర్థమయ్యేది ఒక్కటే, బయట ప్రమాదం ఉందని. దానికి ఆయన చేతిలో రెడీగా ఉన్న మందు కూడా ఒక్కటే. కాలేజీ మాన్పించడం, ఇంట్లో కూర్చోబెట్టడం, సంబంధం చూడటం. పోస్టరు వేసినవాళ్ల ఉద్దేశం మంచిదే. అయినా అది చేసే పని, వాళ్లు కోరుకున్న దానికి పూర్తిగా తిరకాసు.

భయం మనిషితో ఏం చేయిస్తుందో పరీక్షించి చూసినవాళ్లున్నారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ లెవెంథాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1965లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విషయం ధనుర్వాతం ఇంజెక్షన్. విద్యార్థులకు చిన్న పుస్తకాలు పంచారు. కొందరి పుస్తకంలో రోగుల బొమ్మలతో గుండె ఝల్లుమనేట్టు రాశారు. కొందరిదాంట్లో అంత భయపెట్టకుండా మామూలుగా చెప్పారు. ఇంకో తేడా కూడా పెట్టారు. కొంతమందికి కాలేజీ పటం ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఉన్నచోట గుండ్రంగా గీత గీసి, ఏ గంటల్లో సూది వేస్తారో చెప్పి, "ఈ వారం మీరు ఏ క్లాసు నుంచి ఏ క్లాసుకు పోతూ అటుగా వెళ్తారో చూసుకోండి" అన్నారు. అంతే.

బాగా భయపడినవాళ్లు "అవును, వేయించుకోవాలి" అని గట్టిగా చెప్పారు. కానీ నిజంగా వెళ్లి వేయించుకున్నవాళ్లను లెక్కపెడితే, ఎక్కువ భయపెట్టినవాళ్లకూ తక్కువ భయపెట్టినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా తెచ్చింది పటం. దారీ వేళా చెప్పనివాళ్లలో నూటికి ముగ్గురు వెళ్లారు. చెప్పినవాళ్లలో నూటికి ఇరవై ఎనిమిది మంది వెళ్లారు. ఆ విద్యార్థులకు ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో ముందే తెలుసు, అది గుర్తుపెట్టుకోండి. అయినా దారి గీసి చూపిస్తేనే కాళ్లు కదిలాయి.

మన పని కూడా కాళ్లు కదిలించడమే కాబట్టి ఈ లెక్క మనకు పనికొస్తుంది.

భయం పోస్టరుతో రెండో చిక్కుంది. అది చూపించే ప్రమాదం అబద్ధపు ప్రమాదం. చీకటి సందు, ముఖం తెలియని మనిషి. మన దేశంలో నేర నమోదు సంస్థ ఏటా వేసే లెక్కలు తీసి చూడండి. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆ అమ్మాయికి తెలిసినవాడే. చుట్టం, ఇరుగుపొరుగు, పనిలో మేస్త్రీ, ప్రేమించానన్నవాడు. అంటే చీకటి సందు బొమ్మ వేసినప్పుడు మనం అమ్మాయికి తప్పు దిక్కు చూపిస్తున్నాం. అపరిచితుణ్ణి తన్నడం కంటే, "మామా, చెయ్యి తియ్యి" అని తెలిసినవాడి ముఖం మీద చెప్పడం కష్టం. నేర్చుకోవాల్సింది అది.

దీన్ని బాగా అర్థం చేసుకుని తయారు చేసిన తరగతి ఒకటి కెనడాలో ఉంది. విండ్సర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే షార్లీన్ సెన్ అనే ఆమె దాన్ని రూపొందించింది. మూడేసి గంటల చొప్పున నాలుగు పూటలు, మొత్తం పన్నెండు గంటలు. మొదటి పూట తెలిసినవాళ్ల మధ్య ప్రమాదం ఎట్లా మొదలవుతుందో గుర్తుపట్టడం. రెండో పూట, "పాపం బాధపడతాడేమో, గొడవవుతుందేమో" అని మనల్ని మనమే ఆపుకునే ఆ మొహమాటాన్ని దాటడం. మూడో పూట గొంతుతో, ఒంటితో ఎదిరించడం. నాలుగో పూట తనకు ఏ సంబంధం కావాలో, ఏది వద్దో తనే తేల్చుకోవడం. మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు తొమ్మిది వందల మంది అమ్మాయిలతో పరీక్షించి 2015లో ఫలితం ప్రకటించారు. సగం మందికి ఈ తరగతి, మిగతా సగం మందికి మామూలుగా ఇచ్చే కరపత్రాలు. ఏడాది తిరిగేసరికి కరపత్రాలు అందుకున్నవాళ్లలో నూటికి దాదాపు పదిమంది అత్యాచారానికి గురయ్యారు. తరగతికి వచ్చినవాళ్లలో నూటికి ఐదుగురు. సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు, ఆ మాట కూడా మనం దాచకూడదు. దాడి చేసేవాడు ఉన్నంతకాలం ఏ తరగతీ గ్యారంటీ ఇవ్వదు. జరిగితే తప్పు వాడిదే, నేర్చుకుని కూడా తప్పించుకోలేకపోయిన అమ్మాయిది ఎప్పటికీ కాదు. "మా దగ్గర నేర్చుకుంటే ఎవడూ మిమ్మల్ని ముట్టుకోలేడు" అని నోటీసులో రాయొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. అట్లా రాస్తే, రేపు ఏదైనా జరిగిన పిల్ల "నాకు సరిగా రాలేదు" అని తననే తిట్టుకుంటుంది.

సరే, ఇప్పుడు మన నోటీసు రాద్దాం. ఒకటి నేను రాసుకొచ్చాను, చదువుతాను.

"అమ్మా, అక్కా, చెల్లీ! నాలుగు ఆదివారాలు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, హైస్కూలు ఆవరణలో ఆడవాళ్లకు ఆత్మరక్షణ తరగతులు. నేర్పేది ఆడమనిషి. పన్నెండేళ్ల పిల్ల నుంచి అవ్వల దాకా ఎవరైనా రావచ్చు. మొదటి ఆదివారం మూడు నేర్చుకుంటాం: గట్టిగా 'వద్దు' అనడం, తూలకుండా నిలబడటం, పట్టుకున్న చెయ్యి విడిపించుకోవడం. రోజూ వేసుకునే బట్టలతోనే రండి. చంటిబిడ్డ ఉంటే తెచ్చుకోండి, చూసుకునేవాళ్లున్నారు. డబ్బు కట్టక్కర్లేదు. తొమ్మిదింబావుకు తండా వేపచెట్టు దగ్గర ఆటో ఉంటుంది, ఒంటిగంటకు అదే ఆటో వెనక్కి తెస్తుంది."

ఇంతే. ఇందులో దాడి అనే మాట లేదు, రక్తం లేదు, లెక్కలు లేవు. ఒక్కొక్క వాక్యం ఎవరికోసం రాశానో చెబుతాను, అప్పుడు మీరు మీ తండాకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

"నేర్పేది ఆడమనిషి" అనేది అమ్మకోసం, నాయనకోసం. వాళ్లు నోరు తెరిచి అడగరు కానీ మొదట వచ్చే అనుమానం అదే. ఆటో వాక్యం యేల్ పటం లాంటిది. "హైస్కూల్లో" అని వదిలేస్తే పిల్ల మనసులో పది ప్రశ్నలు: ఎవరితో పోవాలి, ఎండలో నడవాలా, ఎప్పుడొస్తాను? "వేపచెట్టు, తొమ్మిదింబావు" అంటే ప్రశ్న లేదు. మీ తండాలో వేపచెట్టు లేకుంటే అంగన్‌వాడీ అని రాయండి, గుడి అని రాయండి. తండా తండాకూ ఆ ఒక్క వాక్యం మారాలి. ఒకే నోటీసు వంద కాపీలు తీసి అన్ని తండాల్లో అంటించడం సులువు. కానీ ఆ సులువు చూసుకుంటే మనుషులు రారు.

"మొదటి ఆదివారం మూడు నేర్చుకుంటాం" అనే మాట పిల్లకోసం. కరాటే అంటే ఎగిరి తన్నడం అని సినిమాలు నేర్పాయి. నాకు చేతకాదులే అని ముందే వెనక్కి తగ్గుతారు. "వద్దు అనడం" అని చదివితే, అది నాకూ వస్తుందే అనిపిస్తుంది. ధైర్యం ఉన్నవాళ్లు రండి అని పిలిస్తే, ఎవరికి అవసరమో వాళ్లే రారు. "వీరవనితలు", "ఆదిశక్తులు", "ఝాన్సీ లక్ష్ములు" అన్న మాటలు కూడా కాస్త పక్కన పెట్టండి. వినడానికి బాగుంటాయి, కానీ మిరపకాయలు కోసి నడుం పట్టేసిన యాడికి అవి తనవి అనిపించవు.

బట్టల వాక్యం మీకు చిన్నది అనిపించొచ్చు. ట్రాక్ ప్యాంటు కొనాలేమో అన్న అనుమానంతో ఆగిపోయేవాళ్లు చాలామంది. పెద్దామె ఫేటియా, కాంచళి మీదే వస్తుంది, కోడలు చీర మీద వస్తుంది, అమ్మాయి చుడీదార్ మీద వస్తుంది. నిజంగా అవసరం పడేది కూడా ఆ బట్టల్లోనే కదా. పోస్టరు మీద బొమ్మ కావాలంటే అట్లాంటి బొమ్మే వేయండి. కేరళలో వటకర దగ్గర మీనాక్షి అమ్మ అనే ఆవిడ డెబ్బై దాటిన వయసులో చీర కట్టుకునే కలరిపయట్టు నేర్పింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. కర్ర పట్టుకుని నిలబడిన ఆ అవ్వ ఫోటో చూసిన ముసలమ్మ ఎవరైనా "ఆమెకు వస్తే నాకు రాదా" అంటుంది. కానీ అంతకంటే మంచి బొమ్మ మన తండా ఆడవాళ్లే నిలబడి నవ్వుతున్నది. అయితే ఫోటోలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగాలి, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లయితే ఇంట్లోవాళ్లనూ అడగాలి, వద్దంటే వద్దే. "వద్దు అనడం నేర్పుతాం" అని చెప్పే తరగతి, మొదట తనే ఆ మాట వినాలి.

ఫోన్ నంబరు సంగతి. ఉత్సాహంగా ముందుకొచ్చిన అమ్మాయి నంబరు నోటీసు కింద వేసేస్తారు. వారం తిరగకముందే రాత్రి పదకొండుకు మిస్డ్ కాల్స్ మొదలవుతాయి. ఏ అమ్మాయి సొంత నంబరూ గోడ మీదకు ఎక్కకూడదు. ప్రచారం కోసం వేరే సిమ్ము తీసుకోండి, ఇద్దరు పెద్దాడవాళ్లు పగటిపూట మాత్రమే తీసేట్టు పెట్టుకోండి. దాంతో పాటు నోటీసు అడుగున 112, 181 వేయండి. 112 అత్యవసరానికి, 181 మహిళా హెల్ప్‌లైన్. ఎందుకంటే నోటీసు చదివినవాళ్లలో కొందరికి వచ్చే ఆదివారం దాకా ఆగే పరిస్థితి ఉండదు.

ఇప్పుడు కాగితం చదవలేనివాళ్ల మాట. మన యాడీల్లో సగం మందికి నోటీసు నల్లటి గీతలే. వాళ్లకోసం గోర్ బోలిలో ఒక నిమిషం వాయిస్ మెసేజీ చేయండి. చదివేది తమ్ముళ్లు కాకూడదు, తండాలో అందరికీ తెలిసిన ఆడగొంతు కావాలి. ఎరుకల వాడల్లో వాళ్ల మాటలో వాళ్ల ఆడవాళ్లే చెప్పాలి.

దానికంటే బాగా పనిచేసేది ఇంకొకటుంది, రెండు నిమిషాల ప్రదర్శన. పొదుపు సంఘం మీటింగు ఎట్లాగూ జరుగుతుంది, ఆడవాళ్లు ఎట్లాగూ వస్తారు. లెక్కలు అయిపోయాక రెండు నిమిషాలు అడగండి. ఒకామె ఇంకొకామె మణికట్టు పట్టుకుంటుంది. పట్టుకున్న చేతిలో ఎక్కడ బలం తక్కువ? బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే చోట ఒక సందు ఉంటుంది. అటువైపు మన మణికట్టు సన్నటి అంచును తిప్పి, మోచెయ్యి మడిచి, ఒక అడుగు వేస్తూ ఒంటి బరువుతో లాగితే చెయ్యి ఊడి వస్తుంది. వెనక్కి గుంజితే రాదు, నాలుగు వేళ్ల బలంతో పోటీ పడినట్టవుతుంది. చూస్తున్న ఆడవాళ్లు ఊరికే ఉండరు. పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని వాళ్లే మొదలుపెడతారు, నవ్వుతారు. ఆ నవ్వు ఉన్నప్పుడే "మిగతాది ఆదివారం" అని చెప్పి లేవండి.

ఇక్కడ చెడిపోయేది ఎట్లాగో కూడా చెబుతాను. ఒక తమ్ముడు లేచి "నా చెయ్యి విడిపించుకో చూద్దాం" అని ఉక్కులా పట్టుకుంటాడు, నాలుగుసార్లు సాధన కూడా చేయని పిల్ల విడిపించుకోలేదు, అందరూ నవ్వుతారు. ఆ పిల్ల తరగతికి రాదు, చూసినవాళ్లూ రారు. ప్రదర్శనలో పట్టుకునేది ఆడవాళ్లే, మామూలు పట్టుతోనే. రెండు చేతులతో పట్టుకుంటే దానికి వేరే పద్ధతి ఉంది, అది తరగతిలో సంగతి.

తమ్ముళ్లూ, మీకు పని లేదని అనుకోవద్దు. ఆటో మాట్లాడటం, నీళ్ల క్యాన్లు, జంబుకానాలు పరచడం, చంటిపిల్లల్ని ఆడించడం, ఇవన్నీ మీవే. అంతకంటే పెద్దది నాయనలతో మాట్లాడటం. రచ్చకట్ట మీద కూర్చున్నప్పుడు ఎవరో ఒకాయన అంటాడు: "ఆడపిల్లకు కొట్లాట నేర్పి యాడికి పంపుతారప్పా?" దానికి పేపర్లో వచ్చిన ఘోరాలు చదివి వినిపించొద్దు. "చిన్నాయనా, పాప రేపు కర్నూల్లో డిగ్రీకి పోతుంది, సుగ్గికి మీతో గుంటూరు వస్తుంది. యాడికి పోయినా ఇది దాని చేతిలో ఉంటుంది. నువ్వే వచ్చి ఒకపూట చూడు" అనండి. చట్టం ఏమంటుందని అడిగితే అదీ చెప్పండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34వ సెక్షను నుంచి 44 దాకా ఉన్నది ఆత్మరక్షణ హక్కే. ప్రాణానికి, మానానికి ముప్పు వచ్చినప్పుడు ఎదురుతిరగడం నేరం కాదు. అవసరానికి మించి కొట్టకూడదు, ముప్పు తప్పాక వెంటపడి కొట్టకూడదు.

వేళ గురించి ఒక్క మాట. మన పడమటి మండలాల్లో, కృష్ణగిరి నుంచి ఆదోని, ఎమ్మిగనూరు దాకా, పంట ఇంటికొచ్చాక సుగ్గికి పోయే కుటుంబాలు ఎన్నో. మిరప కోతల నెలల్లో తరగతి పెడితే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లు ఊళ్లోనే ఉండరు. నన్నడిగితే శ్రావణం మంచిది. తీజ్ తొమ్మిది రోజులు పెళ్లికాని పిల్లలంతా బుట్టల్లో గోధుమ నారు పోసి, పొద్దున సాయంత్రం నీళ్లు పోస్తూ, పాడుకుంటూ ఒక్కచోటే ఉంటారు. ఆ రోజుల్లో వాళ్లు పెద్దవాళ్లకు కూడా జంకరు, మీరు చూసే ఉంటారు. తీజ్ అయిపోయిన తర్వాతి ఆదివారం మొదటి తరగతి పెడితే పిల్లల గుంపు అప్పటికే తయారుగా ఉంటుంది.

నోటీసు బాగుందో లేదో అంటించకముందే తెలుసుకునే దారి ఒకటుంది. ఈ పనితో సంబంధం లేని ఐదుగురికి, అందులో ఇద్దరు ఆడపిల్లల తల్లులు ఉండేట్టు, చదివి వినిపించండి. తర్వాత ఒక్కటే అడగండి: "ఇది విన్నాక ఏం చేస్తావు?" "పిల్లను ఒంటరిగా పంపను" అంటే ఆ కాగితం చించేయండి, మళ్లీ రాయండి. "బాగుంది, మంచి పని" అన్నా చాలదు, మెచ్చుకున్నవాళ్లు రారు. "ఆదివారం తొమ్మిదింటికల్లా వంట అయిపోవాలి" అన్నదనుకోండి, అప్పుడు జిరాక్సుకు పోండి.

మొదటి ఆదివారం వచ్చినవాళ్లను లెక్కపెట్టి పొంగిపోవద్దు. రెండో ఆదివారం ఎంతమంది తిరిగొచ్చారు, ఎవరు చెప్తే వచ్చారు అని గుమ్మం దగ్గరే అడిగి రాసుకోండి. ఒకామె ఇద్దరిని తెచ్చిందని తెలిస్తే, వచ్చే విడతకు వాయిస్ మెసేజీ ఆమె గొంతుతోనే చేయించండి. రానివాళ్ల ఇళ్లకు వెళ్లి ఎందుకు రాలేదని నిలదీయకండి. ఆటో రాలేదా, పిల్లకు జ్వరమా, నెలసరా అని కనుక్కుంటే చాలు. తరగతి అయ్యాక ఎవరైనా ఆగి, ఇంట్లో జరుగుతున్నది చెప్పుకోవచ్చు. అది విన్నవాళ్లు దాన్ని ఇంకొకరికి కథగా చెప్పకూడదు. ఆమె ఒప్పుకుంటే 181కి తోడుండి ఫోన్ చేయించండి, లేదంటే ఆమె మళ్లీ అడిగేదాకా ఆగండి.

నేను చదివిన నోటీసు కాపీలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఆటో వాక్యం దగ్గర ఖాళీ వదిలాను. ఒక్కో తండా నుంచి ఇద్దరు రండి, ఒకరు చెల్లెలై ఉండాలి. మీ తండాలో అందరికీ తెలిసిన చోటు ఏదో, ఎన్ని గంటలకో ఇప్పుడే రాసి ఇవ్వండి. పెన్నులు కూడా తెచ్చాను.